రెజ్యూమే వేరే జతచేసినప్పుడు మెయిల్‌లో ఏం రాయాలి: ఒక అకౌంట్స్ ఉద్యోగం కేసు

విజయవాడలో మాది చిన్న రిక్రూట్‌మెంట్ కన్సల్టెన్సీ. ఎక్కువగా అకౌంట్స్, బిల్లింగ్, స్టోర్స్ ఉద్యోగాలకు మనుషుల్ని చూపిస్తాం. కంపెనీల తరఫున వచ్చే దరఖాస్తులు తెరిచి, పనికొచ్చేవి ఏరి, సంబంధిత మేనేజర్‌కి ఫార్వర్డ్ చేయడం నా రోజువారీ పని. అందుకే మెయిల్ బాడీ గురించి నాకున్న అభిప్రాయం అవతలి కుర్చీలోంచి వచ్చింది. ఈ కేసులో మాత్రం నేను అభ్యర్థి పక్కన కూర్చున్నాను. ఆమె అనుమతితో, పేరూ కంపెనీల పేర్లూ లేకుండా రాస్తున్నాను.

ఆమెది బీకాం. విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ సంస్థలో మూడేళ్ళకు రెండు నెలలు తక్కువగా అకౌంట్స్ చూసింది. ఇంట్లో ఆరోగ్య సమస్య వల్ల మానేసి కొన్ని నెలలు ఖాళీగా ఉంది. మళ్ళీ ఉద్యోగం వెతకడం మొదలుపెట్టాక చాలా కంపెనీలకు మెయిల్ పెట్టింది, జవాబులు రాలేదు. "రెజ్యూమే బాగోలేదేమో సార్, డిజైన్ మార్చమంటారా?" అని వచ్చింది. రెజ్యూమే చూశాను. గొప్పగా లేకపోయినా తిప్పికొట్టేంత దారుణంగానూ లేదు. పంపిన మెయిల్ చూపించమన్నాను. ఆమె మెయిల్స్ ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఇక్కడ చదవడానికి వీలుగా తెలుగులో పెడుతున్నాను.

> గౌరవనీయులైన సర్/మేడమ్,
>
> మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో నా అర్హతలకు తగిన ఉద్యోగం కోరుతూ ఈ దరఖాస్తు సమర్పించుకుంటున్నాను. నేను కష్టపడి పనిచేస్తాను, కొత్త విషయాలు త్వరగా నేర్చుకుంటాను, బృందంతో కలిసి పనిచేయగలను. నాకు టాలీ, ఎంఎస్ ఆఫీస్, జీఎస్టీ తెలుసు. సంస్థ ఎదుగుదలకు తోడ్పడుతూ నేనూ ఎదగాలన్నది నా ఆశయం. దయచేసి ఒక్క అవకాశం ఇవ్వగలరని ప్రార్థిస్తున్నాను. ఇచ్చినట్లయితే సదా కృతజ్ఞురాలినై ఉంటాను.
>
> ఇట్లు, మీ విధేయురాలు

సబ్జెక్ట్ లైన్‌లో ఉన్నది `Job application`. జతచేసిన ఫైల్ పేరు `resume final new(2).docx`.

ఇందులో తప్పుడు మాట ఒక్కటీ లేదు. కానీ అందులోని ఏ వాక్యాన్నయినా తీసి సెక్యూరిటీ గార్డు దరఖాస్తులో పెట్టినా, సాఫ్ట్‌వేర్ టెస్టర్ దరఖాస్తులో పెట్టినా సరిపోతుంది. ఒక్క 'టాలీ, జీఎస్టీ' అన్న మాటలు మినహా ఈ మనిషి అకౌంట్స్ చేసిందని తెలిసే ఆధారం లేదు. ఏ పోస్టుకో లేదు, ఏ ఊరికో లేదు, ఎప్పుడు చేరగలదో లేదు. ఇవన్నీ తెలుసుకోవాలంటే ఫైల్ తెరవాలి. ఫోన్‌లో మెయిల్స్ చూసే హెచ్‌ఆర్‌కి వర్డ్ ఫైల్ తెరవడమంటే ఒక పని. గుట్టలో ఇలాంటి మెయిల్స్ చాలా ఉన్నప్పుడు ఆ పని ఎవరికి చేయాలో, ఎవరికి చేయకూడదో బాడీ చూసే నిర్ణయించుకుంటారు.

మన దగ్గర ఈ పద్ధతి ఎక్కడినుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. బడిలో సెలవు చీటీ రాసిన పద్ధతే పెరిగి పెద్దదై ఉద్యోగ దరఖాస్తు అయింది. కాగితం మీద రాసే రోజుల్లో ఆ ఉత్తరమే మనిషి మొహం. ఇప్పుడు పని అనుభవమంతా రెజ్యూమే మోస్తోంది కాబట్టి బాడీకి మిగిలిన పని చిన్నది. తెరిచినవాళ్ళు "ఇది ఫార్వర్డ్ చేయొచ్చు" అనుకోవడానికి కావలసినంత చెప్పాలి, అంతే. నా మట్టుకు నేను ఒక మెయిల్ చూసినప్పుడు నాలుగు విషయాలు వెతుకుతాను: ఏ పోస్టు, ప్రకటనలో అడిగిన అసలు పని చేసిన దాఖలా, చేరడానికి అడ్డంకులేమైనా, ఏం జతచేశారు. ఆమె మెయిల్‌ని ఈ వరుసలోనే తిరగరాశాం.

అప్పుడే హైదరాబాద్ బాలానగర్‌లోని ఒక మందుల పంపిణీ కంపెనీ ప్రకటన ఆమె దృష్టిలో ఉంది. అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ పోస్టు. రెండు నుంచి నాలుగేళ్ళ అనుభవం, టాలీ ప్రైమ్, జీఎస్టీ రిటర్నులు సొంతంగా తయారు చేయగలగాలి, ఈ-ఇన్‌వాయిస్ తెలిస్తే మంచిది, నెలలోపు చేరాలి. మెయిల్ సబ్జెక్ట్‌లో `AE-Balanagar` అని రాయమన్నారు.

ఆ చివరి మాటను చాలామంది వదిలేస్తారు. కంపెనీ వాళ్ళు ఆ కోడ్ అడిగేది చాలాసార్లు మెయిల్‌బాక్స్‌లో వడకట్టడానికే. అది లేకపోతే మీ మెయిల్ ఆ ఫోల్డర్‌లోకే పోదు, ఎంత బాగా రాసినా వృథా. అందుకని కోడ్ మొదట పెట్టి, తర్వాత పోస్టు, తర్వాత ఒక్క గుర్తింపు మాట పెట్టాం:

```
AE-Balanagar | Accounts Executive, GST returns | Name
```

ఫోన్‌లో సబ్జెక్ట్ మొత్తం కనబడదు, మొదటి కొన్ని మాటలు కనబడి మిగతాది తెగిపోతుంది. అందుకే పేరు చివరికి పోయింది. తెలియని మనిషి పేరు తెగినా నష్టం లేదు, కోడ్ తెగితే నష్టం. ఫైల్‌ని పీడీఎఫ్ చేసి `Name_Accounts_Executive.pdf` అని పేరు మార్చాం. ఇక్కడ పేరు ముందుండాలి, ఎందుకంటే డౌన్‌లోడ్ అయ్యాక మెయిల్‌తో సంబంధం తెగి అది ఒంటరిగా ఒక ఫోల్డర్‌లో పడి ఉంటుంది.

మొదటి వాక్యం సంగతి సులువు. పలకరింపు తర్వాత ఏ పోస్టుకు రాస్తున్నారో, ప్రకటన ఎక్కడ చూశారో చెప్పేయడమే. ఇన్‌బాక్స్‌లో సబ్జెక్ట్ పక్కనో కిందో బాడీలోని మొదటి మాటలు లేత రంగులో కనిపిస్తాయి కదా, అక్కడ "మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో" అని కనబడటం కంటే "బాలానగర్ ఆఫీసు అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ పోస్టుకు" అని కనబడటం మేలు. ఎవరైనా తెలిసినవాళ్ళు చెప్పి పంపితే వాళ్ళ పేరు కూడా ఈ వాక్యంలోనే రావాలి, వాళ్ళను అడిగాకే.

రెండో భాగమే అసలు కష్టం. మేం ఎక్కువసేపు కూర్చున్నది దీని మీదే. ప్రకటనలో ఏడెనిమిది అర్హతలు రాస్తారు గానీ వాటిలో ఒకటి మాత్రమే వాళ్ళకు నిజంగా నొప్పి పెట్టేది. ఇక్కడ అది "సొంతంగా" అన్న మాట. అంటే ఇంతకుముందు చేసిన మనిషి ప్రతిదానికీ ఆడిటర్ దగ్గరికి పరుగెత్తి ఉండాలి, లేదా రిటర్నులు ఆలస్యమై ఫైన్ కట్టి ఉండాలి. ఇది నా ఊహే, కానీ ప్రకటన చదివేటప్పుడు ఇలాంటి ఊహ చేయక తప్పదు. బాడీలో చెప్పాల్సిన ఒకటి రెండు విషయాలు ఆ నొప్పికి తగిలేవి కావాలి.

"రిటర్నులు నువ్వే వేసేదానివా?" అని అడిగాను.

"వేసేదాన్ని సార్. కానీ అందరూ చేసేదే కదా అది, రాయడానికేముంది?"

"సరే, నెలలో ఎనిమిదో తేదీ, తొమ్మిదో తేదీ ఏం చేసేదానివో చెప్పు."

అప్పుడు చెప్పింది. నెల మొదటి వారంలో సేల్స్ బిల్లులన్నీ టాలీలో సరిచూసుకునేది, నెలకు సుమారు తొమ్మిది వందల బిల్లులు. ఎనిమిది, తొమ్మిది తేదీల్లో ఒక ఎక్సెల్ షీటు ముందు పెట్టుకుని సప్లయర్లకు ఫోన్లు చేసేది. వాళ్ళు తమ అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 పదకొండో తేదీలోపు వేస్తేనే ఆ బిల్లులు ఈమె సంస్థకు వచ్చే కొనుగోళ్ళ పట్టిక జీఎస్టీఆర్-2బీలో ఆ నెలే కనబడతాయి. దాటాక వేస్తే మరుసటి నెలకు పోతాయి, కొనుగోళ్ళ మీద కట్టిన పన్నుకు రావాల్సిన ఇన్‌పుట్ క్రెడిట్ ఆ మేరకు ఆగిపోతుంది. 2బీ పద్నాలుగో తేదీన వస్తుంది. అప్పుడు పర్చేజ్ రిజిస్టర్‌తో పోల్చి, తేలని బిల్లులు విడిగా రాసుకుని, నెలవారీ పన్ను రిటర్ను 3బీ తయారుచేసి ఆడిటర్‌కి పంపేది. ఆయన చూసి సరేనన్నాక ఇరవయ్యో తేదీలోపు తనే ఫైల్ చేసేది. ఆలస్యం చేసే సప్లయర్లెవరో ఆమెకు పేర్లతో సహా కంఠతా వచ్చు.

ఇదంతా రెజ్యూమేలో "జీఎస్టీ రిటర్న్స్ ఫైలింగ్" అని మూడు మాటల్లో ఉంది. 2బీ వచ్చాక పోల్చడం చాలామంది చేస్తారు. 2బీ రాకముందే సప్లయర్లకు ఫోన్ చేయడం ఆ పని తనదనుకున్న మనిషే చేస్తుంది. అకౌంట్స్ మేనేజర్ ఎవరైనా ఆ వాక్యం చదివితే ఆగుతాడు. దాన్నే బాడీకి తీసుకున్నాం.

మరి ఈ-ఇన్‌వాయిస్? ఆమె చేయలేదు. ఏడాది టర్నోవర్ 5 కోట్లు దాటిన సంస్థలకే అది తప్పనిసరి, వాళ్ళది దాటలేదు. ఈ-వే బిల్లులు మాత్రం రోజూ చేసింది. రాయాలా వద్దా అని ఆమెకు టెన్షన్. ప్రకటనలో "తెలిస్తే మంచిది" అని మాత్రమే ఉంది కాబట్టి బాడీలో ఆ ఊసే ఎత్తవద్దన్నాను. ఉన్న నాలుగైదు వాక్యాల్లో ఒకటి లేనిదాని గురించి ఖర్చు చేయడం దండగ. అదే "తప్పనిసరి" అని ఉంటే ఒక్క వాక్యంలో నిజం చెప్పేయమనేవాణ్ణి. దాచిపెట్టి ఇంటర్వ్యూ దాకా వెళ్తే ఇద్దరి టైమూ పోతుంది.

మూడో భాగం చేరడం గురించి. రెజ్యూమేలో విజయవాడ అడ్రస్ ఉంది, ఉద్యోగం హైదరాబాద్‌లో. చూసినవాళ్ళకు వచ్చే మొదటి అనుమానం "ఈ అమ్మాయి నిజంగా వస్తుందా, మనం ఫోన్ చేశాక ఇంట్లో అడిగి చెప్తానంటుందా" అని. ఇది చెప్పని కారణంగా పక్కన పడిపోయే దరఖాస్తులు నేను చాలా చూశాను. ఒక్క వాక్యం చాలు: ఎప్పుడు చేరగలరు, ఉండటానికి ఏర్పాటు ఉందా. ఆమెకు కూకట్‌పల్లిలో పిన్ని వాళ్ళు ఉన్నారు. "పిన్ని గారి ఇంట్లో" అని మెయిల్‌లో రాయనక్కర్లేదు, "వసతి ఏర్పాటు ఉంది" అంటే సరిపోతుంది.

ఖాళీగా ఉన్న నెలల గురించి ఆమె ఒక పేరా రాసుకొచ్చింది, ఆస్పత్రి, ఆపరేషన్ వివరాలతో. తీసేశాం. రెజ్యూమేలో తేదీలు ఉన్నాయి, అడిగితే ఇంటర్వ్యూలో రెండు ముక్కల్లో చెప్పొచ్చు. బాడీలో పనికొచ్చేది ఆ గ్యాప్‌కి రెండోవైపు: ప్రస్తుతం ఉద్యోగంలో లేదు కాబట్టి నోటీసు పీరియడ్ లేదు, వారంలో చేరగలదు. నెలలోపు మనిషి కావాలన్నవాళ్ళకు అది మంచి వార్త. జీతం సంగతి ప్రకటనలో అడగలేదు, మేమూ రాయలేదు. అడిగితే మాత్రం రాసి తీరాలి, "నెగోషియబుల్" అని తప్పించుకుంటే మళ్ళీ ఒక మెయిల్ పెట్టించుకోవడమే.

చివరికి వెళ్ళిన మెయిల్ ఇది:

> నమస్కారం,
>
> మీ బాలానగర్ ఆఫీసు అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ పోస్టుకు (AE-Balanagar) దరఖాస్తు చేస్తున్నాను. ప్రకటన లింక్డిన్‌లో చూశాను.
>
> విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ సంస్థలో 2 సంవత్సరాల 10 నెలలు అకౌంట్స్ చూశాను. నెలకు సుమారు 900 సేల్స్ బిల్లులు టాలీ ప్రైమ్‌లో చూసుకుంటూ, జీఎస్టీఆర్-1, 3బీ నేనే తయారుచేసి, ఆడిటర్ పరిశీలన తర్వాత ఫైల్ చేసేదాన్ని. సప్లయర్లు గడువులోపు రిటర్ను వేశారో లేదో ముందే ఫోన్ చేసి చూసుకోవడం, 2బీ వచ్చాక పర్చేజ్ రిజిస్టర్‌తో సరిపోల్చడం కూడా నా బాధ్యతే.
>
> ప్రస్తుతం ఉద్యోగంలో లేను. వారంలో చేరగలను. హైదరాబాద్‌లో వసతి ఏర్పాటు ఉంది.
>
> రెండు పేజీల రెజ్యూమే (పీడీఎఫ్) జతచేశాను. ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు.
>
> పేరు
> ఫోన్ నంబరు

ఫోన్‌లో ఒకసారి వేలితో పైకి తోస్తే అయిపోయేంత. "2 సంవత్సరాల 10 నెలలు" అని ఎందుకు రాశామంటే, ఆమె మొదట "మూడేళ్ళు" అని రాసింది. రెజ్యూమేలో తేదీలు లెక్కేస్తే మూడు రావు. రెండు నెలల తేడా ఎవరూ పట్టించుకోరు గానీ, బాడీలో ఒక అంకె, రెజ్యూమేలో ఇంకో అంకె ఉంటే మాత్రం పట్టించుకుంటారు, అందులోనూ అకౌంట్స్ వాళ్ళు. 'ఆడిటర్ పరిశీలన తర్వాత' అన్నది కూడా కావాలనే ఉంచాం. అది తీసేస్తే ఇంకా గొప్పగా వినిపించేది, కానీ నిజం కాదు. పైగా ఏ చిన్న సంస్థలోనైనా పని జరిగే తీరు అదేనని చదివేవాళ్ళకు తెలుసు.

"ఒక్క అవకాశం ఇవ్వండి" అన్న వాక్యం తీసేయడానికి ఆమె చివరిదాకా ఒప్పుకోలేదు. "మర్యాదగా ఉండదేమో సార్" అంది. మర్యాదకు పైన నమస్కారం ఉంది, ఎప్పుడు ఫోన్ చేయొచ్చో చెప్పడం ఉంది. బతిమాలడం చదివేవాళ్ళను ఇబ్బంది పెట్టడమే తప్ప మరేమీ చేయదని నా అభిప్రాయం. దీని మీద మా ఆఫీసులోనే ఏకాభిప్రాయం లేదు. మా సీనియర్ ఒకాయన కుటుంబ సంస్థల యజమానులకు ఆ వినయం నచ్చుతుందంటాడు. కావచ్చు. అలాంటి చోట "మీ సమయానికి ధన్యవాదాలు" దగ్గర ఆగితే చాలనుకుంటాను.

పంపేముందు చూసుకునేవి త్వరగా చెప్పేస్తాను. ఫైల్ నిజంగా జతయిందా అన్నది మొదటిది. బాడీలో 'అటాచ్డ్' అని ఇంగ్లీషులో రాసి ఫైల్ మరిచిపోతే జీమెయిల్ చాలాసార్లు హెచ్చరిస్తుంది గానీ, పాత ఫైల్ జతచేస్తే హెచ్చరించదు. పాత మెయిల్‌ని ఫార్వర్డ్ చేసి పంపకూడదు, సబ్జెక్ట్‌లో Fwd అని, కింద ఇంకో కంపెనీ పేరు మిగిలిపోతుంది. వర్డ్ నుంచో వాట్సాప్ నుంచో కాపీ చేస్తే అక్షరాలు ఒక్కో పేరాలో ఒక్కో సైజులో పడతాయి, అది చూడగానే కాపీ అని తెలిసిపోతుంది. ఫార్మాటింగ్ లేకుండా పేస్ట్ చేసుకోవాలి. ఒకే మెయిల్‌ని పది కంపెనీలకు కలిపి పెట్టడం గురించి చెప్పనక్కర్లేదనుకుంటాను, అయినా వారానికి ఒకటైనా వస్తుంది.

కవర్ లెటర్‌ని కూడా విడిగా ఫైల్‌గా అడిగిన చోట ఈ బాడీ పనికిరాదు. అప్పుడు రెండో పేరా మొత్తం ఆ ఫైల్‌లోకి పోతుంది. మెయిల్‌లో ఏ పోస్టు, ఏయే ఫైళ్ళు, ఎప్పుడు చేరగలరు అన్న మూడు వాక్యాలే మిగలాలి. ఒకే ఉత్తరాన్ని బాడీలోనూ ఫైల్‌లోనూ పెట్టేవాళ్ళున్నారు, చదివేవాళ్ళు రెండోది తెరిచి విసుక్కుంటారు.

ఆమెకు ఆ వారంలోనే హెచ్‌ఆర్ నుంచి ఫోన్ వచ్చింది. మెయిల్ వల్లే వచ్చిందని నేను రుజువు చేయలేను. పాత మెయిల్స్ వేరే కంపెనీలకు వెళ్ళాయి, ఈ పోస్టుకు ఆమె అనుభవం బాగా అతికింది కూడా. హెచ్‌ఆర్ మొదట అడిగింది మాత్రం "వారంలో నిజంగా చేరగలరా అమ్మా?" అని, తర్వాత సప్లయర్లకు ఫోన్ చేయడం గురించి. రెండూ బాడీలోవే.

ఇంటర్వ్యూలో ఇంకో సంగతి బయటపడింది. అకౌంట్స్ మేనేజర్ చేతిలో రెజ్యూమే ప్రింటు మాత్రమే ఉంది. మెయిల్ ఆయన దాకా రానేలేదు. "జీఎస్టీ అంటే ఎంతవరకు చేశారు?" అని మొదటినుంచీ అడిగాడు, ఆమె అంతా మళ్ళీ చెప్పుకొచ్చింది. దరఖాస్తుల్ని సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే కొన్ని కంపెనీల్లోనూ ఇదే జరుగుతుంది, ఫైల్ లోపలికి పోతుంది, బాడీ మెయిల్‌బాక్స్‌లోనే ఉండిపోతుంది. అందుకని తర్వాత పంపిన దరఖాస్తులకు 2బీ వాక్యాన్నీ, చేరే గడువునూ రెజ్యూమే మొదటి పేజీ పైభాగంలో కూడా చేర్చాం, ఫోన్ నంబరు పక్కనే. "జీఎస్టీ రిటర్న్స్ ఫైలింగ్" అన్న మూడు మాటల లైన్ తీసేసి ఆ చోటు దానికిచ్చాం.